సర్వేలో "సరిగ్గానే వాడుతున్నా", ఇంటర్వ్యూలో "అప్పుడప్పుడు మానేస్తా": ఈ రెండిటినీ కలిపేది ఎక్కడ?

ప్రశ్న: "కమ్యూనిటీ మెడిసిన్ పీజీ చేస్తున్నాను. రెండు పీహెచ్‌సీల్లో బీపీ మందులు వాడే 240 మందితో మోరిస్కీ నాలుగు ప్రశ్నల స్కేలు నింపించాను, వాళ్లలోనే 18 మందిని ఇంటర్వ్యూ చేశాను. సర్వే ప్రకారం 158 మంది (66 శాతం) మందులు సరిగ్గా వాడుతున్నారు. ఇంటర్వ్యూల్లో మాత్రం దాదాపు అందరూ ఎప్పుడో ఒకప్పుడు మానేస్తున్నట్టే చెప్పారు. గైడు గారు రెండూ వేర్వేరు చాప్టర్లుగా రాసెయ్యమంటున్నారు. సీనియర్లేమో వైవాలో 'ఇంటిగ్రేషన్ ఎక్కడ?' అని పట్టుకుంటారంటున్నారు. దేన్ని నమ్మాలి, ఎలా కలపాలి?"

సమాధానం:

దేన్ని నమ్మాలన్నది తర్వాత చూద్దాం. ముందు మీరు పోలుస్తున్నది ఎవరిని ఎవరితో అన్నది చూడాలి. 66 శాతం అన్నది 240 మంది లెక్క, "దాదాపు అందరూ" అన్నది 18 మంది లెక్క. ఆ 18 మందిని ఎలా ఎంచుకున్నారో మీరు రాయలేదు. మన పీజీలు చాలామంది చేసినట్టే స్కోరు బాగాలేని వాళ్లనే ఎక్కువగా పిలిచి కూర్చోబెట్టి ఉంటే, వాళ్లు మానేస్తున్నామని చెప్పడంలో వింతేమీ లేదు. సర్వేలోనూ వాళ్లు అదే చెప్పారు.

కాబట్టి ఆ 18 మంది సర్వే ఫారాలు బయటికి తీసి, ఒక్కొక్కరి పేరు బదులు వాళ్ల నంబరు, దాని పక్కన స్కోరు రాసుకోండి. ఈ స్కేల్లో ప్రతి "అవును"కీ ఒక పాయింటు. సున్నా వస్తే బాగా వాడుతున్నట్టు, ఒకటి రెండు వస్తే మధ్యస్థం, మూడు నాలుగు వస్తే తక్కువ. 18 మందిలో పది మందికి సున్నా వచ్చిందనుకుందాం. మిగతా ఎనిమిది మంది విషయంలో సర్వే, ఇంటర్వ్యూ ఒకే మాట చెబుతున్నాయి, వాళ్లని కాసేపు పక్కన పెట్టొచ్చు. మీ అసలు చిక్కంతా ఆ పది మందిలోనే ఉంది: ఫారంలో నాలుగు ప్రశ్నలకీ "లేదు" అని చెప్పి, అరగంట కూర్చుని మాట్లాడితే "అప్పుడప్పుడు వేసుకోను" అన్నవాళ్లు.

ఇప్పుడు ఎక్సెల్‌లో మనిషికో వరస తెరవండి. నాలుగు ప్రశ్నల జవాబులు నాలుగు గడుల్లో విడివిడిగా ఉండాలి, మొత్తం స్కోరు ఒక్కటే వేస్తే ఏమీ కనపడదు. తర్వాతి గడుల్లో సర్వే ఎవరు అడిగారు, ఎక్కడ అడిగారు, రిజిస్టరు ప్రకారం మాత్రలు ఎప్పుడెప్పుడు తీసుకెళ్లారు, చివరి బీపీ ఎంత. ఆఖరి గడిలో ఇంటర్వ్యూలో వాళ్లన్న రెండు మూడు వాక్యాలు, వాళ్ల మాటల్లోనే. దీన్నే మిక్స్‌డ్ మెథడ్స్ మ్యాట్రిక్స్ అంటారు. 2010లో బీఎంజేలో ఓకేథన్ బృందం రాసిన పేపర్లో చెప్పిన మూడు పద్ధతుల్లో ఇదొకటి, వైవాలో అడిగితే ఆ పేరు చెప్పండి. 18 వరసలంటే ఒక ఏ3 కాగితం మీద పట్టేస్తాయి. నేనైతే ప్రింటు తీసి గోడకి అంటిస్తాను. స్క్రీను మీద పక్కకి జరుపుకుంటూ చూస్తే వరసలు కనిపిస్తాయి గానీ మనుషులు కనిపించరు.

అలా పెట్టి చదివితే ఏం తేలుతుందో, నేను తెలంగాణ పల్లెల్లో పనిచేసినప్పుడు ఎదురైన ముగ్గురి సంగతి చెబుతాను.

మొదటామెకి అరవై దగ్గర. సర్వేలో సున్నా. ఇంటర్వ్యూలో ఆమె అన్నది ఇది: "మర్చిపోవుడెందుకు సారూ, గోలీ మర్చిపోను. శనివారం ఒక్కపొద్దుంటా, ఆ దినం ఏసుకోను. ఉత్త కడుపు మీద గోలీ ఏస్తే కండ్లు తిరుగుతయ్." మన ఫారంలో మొదటి ప్రశ్న "మందులు వేసుకోవడం మర్చిపోతుంటారా?" అని. ఆమె మర్చిపోదు, కావాలనే ఆ రోజు వేసుకోదు. కాబట్టి "లేదు" అన్న జవాబు నూటికి నూరుపాళ్లు నిజం. రెండో ప్రశ్న, "మందుల విషయంలో అజాగ్రత్తగా ఉంటారా?" అన్నది మన భాషలో తిట్టులాగే వినిపిస్తుంది. నియమంగా ఒక్కపొద్దుండే మనిషి తాను అజాగ్రత్త మనిషినని ఎందుకు ఒప్పుకుంటుంది? ఇక లెక్క వేయండి. వారంలో ఏడు రోజులకి ఆరు రోజులు వేసుకుంటోంది, అంటే 86 శాతం. మందులు క్రమంగా వాడటానికి, అంటే అడ్హెరెన్స్‌కి, మనం మామూలుగా పెట్టుకునే గీత 80 శాతం. ఆ గీత ప్రకారం ఈమె సరిగ్గా వాడుతున్నట్టే. ఇంటర్వ్యూ కోడింగ్‌లో మీరు ఈమెని "కావాలని మానేసేవాళ్లు" అన్న శీర్షిక కిందికి చేర్చి, సర్వేతో విభేదం అని రాసి ఉంటే, నిజానికి అక్కడ విభేదమే లేదు. ఉన్నదల్లా కౌన్సెలింగ్‌లో ఒక ఖాళీ. ఆమె వాడేది ఆమ్లోడిపిన్. దాన్ని తిన్నాకే వేసుకోవాలన్న నియమం లేదు, ఒక్కపొద్దు విడిచాక రాత్రి వేసుకున్నా సరిపోతుంది. ఆ ముక్క ఆమెకి ఎవరూ చెప్పలేదు.

రెండో ఆయనకీ సున్నానే. ఆమ్లోడిపిన్ మొదలుపెట్టాక పాదాలు వాచాయి. ఆ మందుతో అది తెలిసిన ఇబ్బందే. ఆయన మందు ఆపలేదు, దినం విడిచి దినం వేసుకోవడం మొదలుపెట్టాడు. నాలుగో ప్రశ్న "మందు వేసుకుంటే ఒంట్లో బాగోలేనట్టు అనిపిస్తే ఆపేస్తుంటారా?" అని ఉంది. ఆయన ఆపలేదు కాబట్టి "లేదు" అన్నాడు. మళ్లీ నిజమే చెప్పాడు. కానీ లెక్కలో ఇది 50 శాతం. మొదటామెకీ ఈయనకీ ఒకే స్కోరు, ఇంటర్వ్యూ కోడింగ్‌లో ఇద్దరికీ ఒకే శీర్షిక, అసలు పరిస్థితి మాత్రం పూర్తిగా వేరు. రెండిటినీ ఒకే వరసలో పెట్టి రోజులు లెక్కేసినప్పుడే ఆ తేడా బయటపడింది.

మూడో ఆయన ఏ ప్రశ్నకీ అందడు. మాత్రలు అయిపోయాయి, మళ్లీ బీపీ, షుగరు రోగుల ఎన్‌సీడీ క్లినిక్ రోజు వచ్చేసరికి పత్తి ఏరే పనులు, ఆ తర్వాత పదిహేను రోజులు కూతురి దగ్గర ఉన్నాడు. మర్చిపోలేదు, నిర్లక్ష్యం లేదు, బాగుందని ఆపలేదు, ఇబ్బంది చేసి ఆపలేదు. చేతిలో గోలీ లేదు, అంతే. మాత్రలు అయిపోవడం గురించి ఈ స్కేల్లో ప్రశ్నే లేదు. దీన్ని విభేదం అని రాయకూడదు. ఒక పద్ధతి మాట్లాడిన చోట రెండోది మౌనంగా ఉంది, అంతకు మించి ఏమీ లేదు. థీసిస్‌లో విభేదాన్ని, మౌనాన్ని విడివిడిగా గుర్తించి రాస్తే పరీక్షకులకి మీరు డేటా చదివారని అర్థమవుతుంది.

మీ పది మంది వరసలూ ఇలాగే చదవండి. చదివేటప్పుడు ఇంకో రెండు విషయాలు గమనించాలి.

ఒకటి, కాలం. సర్వే అడిగేది ఇప్పటి అలవాటు. ఇంటర్వ్యూలో మనిషి తన బీపీ కథంతా మొదట్నుంచీ చెబుతాడు. "నడుమ ఆర్నెల్లు బంద్ వెట్టిన" అన్నది మూడేళ్ల కిందటి మాట కావచ్చు. 2012 నుంచి అడ్హెరెన్స్ పరిశోధనలో దీన్ని మూడుగా విడదీసి మాట్లాడుతున్నారు: మందు మొదలుపెట్టడం, రోజువారీగా వేసుకోవడం, పూర్తిగా ఆపేయడం. ట్రాన్‌స్క్రిప్టులో మానేసిన ప్రతి సందర్భం పక్కనా ఈ మూడింట్లో ఏదో, ఎప్పటి సంగతో రాసుకోండి. పాత కథలు తీసేశాక మీ "దాదాపు అందరూ" బాగా తగ్గొచ్చు. ఆ పాత కథల్లో కూడా వినాల్సింది ఒకటి ఉంటుంది. చాలాసార్లు అవి "బీపీ నార్మల్ ఉందన్నరు" అన్న దగ్గర మొదలవుతాయి. నర్సు చెప్పింది మందుతో అదుపులో ఉందని, మనిషి విన్నది బీపీ పోయిందని. మూడో ప్రశ్న "బాగున్నట్టు అనిపించినప్పుడు ఆపేస్తుంటారా?" అని అడుగుతుంది. ఆ మనిషికి అనిపించడం కాదు, క్లినిక్ వాళ్లే చెప్పారు కదా. అందుకే అక్కడా "లేదు" అనే వస్తుంది.

రెండోది, ఎవరు అడిగారన్నది. మాత్రలిచ్చే ఏఎన్‌ఎమ్మే ఫారం పట్టుకుని, క్లినిక్ లైన్లో, వెనక పది మంది నిలబడి ఉండగా "అమ్మా, గోలీలు సరిగ్గా వేసుకుంటున్నవా?" అంటే ఏ జవాబు వస్తుందో మీకు తెలుసు. అదే మీరు వాళ్లింటి అరుగు మీద కూర్చుని అడిగితే వేరే జవాబు. మీ 240 ఫారాల్లో కొన్ని సిబ్బంది, కొన్ని మీరు నింపి ఉంటే, ఆ రెండు గుంపుల్లో సున్నా స్కోరు శాతం ఎంతెంతో విడిగా చూడండి. పెద్ద తేడా ఉంటే అడిగిన మనిషి ప్రభావం ఉండొచ్చని అనుమానించాలి. రెండు గుంపుల రోగులూ ఒకలాంటివాళ్లేనా అన్నది చూశాకే గట్టిగా చెప్పాలి.

ఇదంతా అయ్యాక జాయింట్ డిస్‌ప్లే కట్టండి, అంటే సర్వే, ఇంటర్వ్యూ ఫలితాలు పక్కపక్కన పెట్టే పట్టిక. నేను చూసిన థీసిస్‌లలో సగానికి పైగా ఇక్కడే తేలిపోతాయి. ఎడమవైపు శాతం, కుడివైపు ఒక కోట్, చివర "సమర్థిస్తోంది" అన్న ఒక్క మాట. ఆఖరి గడిలో మీరు రాసే వాక్యం మొదటి రెండు గడుల్లో ఏ ఒక్కదాన్నుంచీ వచ్చేది కాకూడదు. పై ముగ్గురి సంగతీ పెడితే ఇలా ఉంటుంది:

| సర్వేలో | ఇంటర్వ్యూలో | రెండూ కలిపి చదివితే |
|---|---|---|
| "మర్చిపోతారా?": లేదు | ఒక్కపొద్దు రోజు కావాలనే వేసుకోదు | ప్రశ్న మరపును మాత్రమే పట్టుకుంటోంది. వారానికి ఒక రోజు మానినా 86 శాతం కాబట్టి వర్గం మారదు, మారాల్సింది వేసుకునే సమయం గురించిన సలహా |
| "ఇబ్బంది చేస్తే ఆపేస్తారా?": లేదు | కాళ్ల వాపుతో దినం విడిచి దినం | ఆపడం, తగ్గించడం ఒకటి కాదు. సగమే వేసుకునేవాళ్లు "బాగా వాడేవాళ్ల"లో కలిసిపోతున్నారు |
| అడగలేదు | మాత్రలు అయిపోయి రోజుల తరబడి ఖాళీ | స్కేలు మౌనంగా ఉంది. ఎంతమందికి ఇలా అవుతోందో రిజిస్టరులో వెతకాలి |

మూడో వరస చివర "రిజిస్టరులో వెతకాలి" అని రాశాను. దాన్ని అక్కడే వదిలెయ్యకండి. ఇంటర్వ్యూలో దొరికిన పోగు పట్టుకుని మళ్లీ 240 మంది దగ్గరికి వెళ్లాలి. 18 మందిలో ఆరుగురు ఈ మాటన్నారనుకోండి, అందుకని 33 శాతం అని రాయడం తప్పు. వాళ్లని లెక్క కోసం ఎంచుకోలేదు. లెక్క 240 మందిలోనే దొరకాలి, దానికి ఎన్‌సీడీ రిజిస్టరు ఉంది.

గడిచిన 180 రోజులు తీసుకోండి. ఒకరు ఐదుసార్లు వచ్చి 30 చొప్పున తీసుకెళ్తే 150 మాత్రలు, అంటే 180 రోజుల్లో 83 శాతం రోజులకి చేతిలో మందు ఉంది. నాలుగుసార్లే వస్తే 120 మాత్రలు, 67 శాతం. రోజుకి ఒక మాత్ర వాడేవాళ్లకి ఇది సూటిగా వస్తుంది, రెండు మందులుంటే ఒక్కోదానికీ విడిగా వేయండి. ఇప్పుడు సున్నా స్కోరు వచ్చిన 158 మందిలో 80 శాతం కన్నా తక్కువ ఉన్నవాళ్లెందరో చూడండి. కొద్దిమందే ఉంటే మాత్రలు అయిపోవడం నిజమైన సమస్యే గానీ చిన్నదని రాస్తారు. చాలామంది ఉంటే మీ 66 శాతం ఎటువైపు తప్పుతోందో ఆధారంతో చెప్పగలుగుతారు. ఏది వచ్చినా అది ఇంటర్వ్యూ లేకపోతే మీకు తట్టని ప్రశ్నకి, సర్వే లేకపోతే దొరకని జవాబు. సీనియర్లు అడుగుతారంటున్న ఇంటిగ్రేషన్ ఇదే.

అయితే రిజిస్టరునీ గుడ్డిగా నమ్మొద్దు. స్టాకు తక్కువైనప్పుడు 15 మాత్రలే ఇచ్చి పంపుతారు, కాబట్టి ఎన్నిసార్లు వచ్చారన్నది కాకుండా ఎన్ని మాత్రలిచ్చారన్నది రాసుకోండి. ఇంట్లో మొగుడూ పెళ్లాలిద్దరికీ బీపీ ఉంటే ఒకరి గోలీలు ఇద్దరూ పంచుకోవడం నేను చాలా చూశాను. మధ్యలో మెడికల్ షాపులో కొనుక్కునేవాళ్లూ ఉంటారు. ఈ సంగతులు రిజిస్టరు చెప్పదు, మీ ఇంటర్వ్యూల్లో ఎక్కడో ఉండే ఉంటాయి, వెతకండి. పైగా తీసుకెళ్లినవన్నీ మింగినట్టు కాదు.

"అయితే బీపీ రీడింగు చూసి తేల్చేస్తే పోలా?" అని ఎవరో ఒకరు అంటారు. పోదు. ఆమ్లోడిపిన్ ఒంట్లో సగానికి తగ్గడానికే 30 నుంచి 50 గంటలు పడుతుంది. ఒక రోజు మానితే రీడింగులో పెద్దగా తెలియదు. దానికి తోడు క్లినిక్‌కి వచ్చే ముందు రెండు రోజులు బుద్ధిగా వేసుకునేవాళ్లు చాలామంది. బుద్ధిగా వేసుకున్నా మోతాదు చాలక బీపీ తగ్గనివాళ్లూ ఉంటారు. రీడింగుని ఒక గడిలో పెట్టండి గానీ తీర్పరిని చెయ్యకండి.

రెండూ ఒకే మాట చెప్పిన చోట కూడా ఊరికే సంతోషపడొద్దు. మీ 240 మందీ క్లినిక్‌కి వచ్చినవాళ్లే, 18 మందీ వాళ్లలోంచి వచ్చినవాళ్లే. మందు పూర్తిగా మానేసి క్లినిక్ ముఖం చూడనివాళ్లు రెండిట్లోనూ లేరు. కాబట్టి "పూర్తిగా ఆపేసినవాళ్లు తక్కువే" అని సర్వే, ఇంటర్వ్యూ రెండూ అంటే అది ఏకాభిప్రాయం కాదు, రెండిటికీ ఉన్న ఒకే గుడ్డిచోటు. టైముంటే రిజిస్టరులో మూడు నెలలుగా రానివాళ్ల జాబితా తీసి, ఆశా కార్యకర్త సాయంతో నలుగురైదుగురి ఇళ్లకి వెళ్లి మాట్లాడండి. దానికి ఎథిక్స్ కమిటీకి అమెండ్‌మెంట్ పెట్టాలి. టైము లేకపోతే పరిమితుల్లో ఈ మాట ఇలాగే రాయండి.

డిజైను పేరు గురించి ఒక్క మాట. సర్వే ఫలితాలు విశ్లేషించాక, వాటిని వివరించుకోవడానికే 18 మందిని ఎంచుకుని ఉంటే అది ఎక్స్‌ప్లనేటరీ సీక్వెన్షియల్. రెండూ ఒకే రోజుల్లో నడిస్తే కన్వర్జెంట్. బాగుందని మొదటి పేరు పెట్టేసి, ఫారాల మీద తేదీలు వేరే కథ చెబితే వైవాలో అక్కడే దొరికిపోతారు. ఇక మోరిస్కీ స్కేళ్ల వాడకానికి అనుమతి, రుసుము గొడవ ఉంది, అనుమతి లేదని పేపర్లు వెనక్కి తీసుకున్న సందర్భాలున్నాయి. పబ్లికేషన్ ఆలోచన ఉంటే ఇప్పుడే ఆ సంగతి తేల్చుకోండి.

రాయడానికి వస్తే, గైడు గారి మాట కాదనకుండానే పని జరుగుతుంది. రెండు చాప్టర్లూ చిన్నగా రాసి, మూడోది కలిపిన ఫలితాల చాప్టర్‌గా పెట్టండి. దాన్ని పద్ధతుల వారీగా కాకుండా విషయాల వారీగా విడగొట్టండి: మరపు, కావాలని తగ్గించడం, మాత్రలు అయిపోవడం. ఒక్కో దాంట్లో వాక్యాలు ఇలా నడవాలి: "నాలుగో ప్రశ్నకి లేదన్నవారిలో ఇంటర్వ్యూకి వచ్చిన కొందరు మందు ఆపకుండా తగ్గించినట్టు చెప్పారు. 'ఆపేస్తుంటారా' అన్న మాట తగ్గించడాన్ని పట్టుకోదు. కాబట్టి సున్నా స్కోరున్న 158 మందిలో మోతాదు తగ్గించినవారూ ఉండే అవకాశం ఉంది. రిజిస్టరు ప్రకారం వీరిలో ఇంతమంది 80 శాతం కన్నా తక్కువ మాత్రలు తీసుకెళ్లారు." 66 శాతాన్ని కొట్టెయ్యొద్దు, 18 మందిని చూసి సరిదిద్దనూ వద్దు. అది "స్వయంగా చెప్పిన దాని ప్రకారం" అన్న మాటతో అలాగే ఉంటుంది, పక్కన అది ఎందుకు ఎక్కువగా కనిపిస్తుండొచ్చో వివరణ ఉంటుంది.

ఇదంతా మొదలుపెట్టే ముందు ఈ రోజే చూడాల్సింది మీ సమ్మతి పత్రం. సర్వే ఫారానికీ ఇంటర్వ్యూకీ ఒకే నంబరు ఉందా? సర్వే జవాబుల్ని ఇంటర్వ్యూతోనూ, క్లినిక్ రిజిస్టరుతోనూ జతచేస్తామని అందులో రాశారా? రాయకపోతే రిజిస్టరు తెరవకముందే కమిటీకి రాసి అనుమతి తెచ్చుకోండి. సర్వే పేరూ నంబరూ లేకుండా చేసి ఉంటే మనిషి వారీ మ్యాట్రిక్స్ కుదరదు. అప్పుడు ప్రశ్న వారీగా, గుంపు స్థాయిలో మాత్రమే పోల్చగలరు: 240 మంది నాలుగో ప్రశ్నకి ఏమన్నారు, 18 మంది అదే విషయం గురించి ఏమన్నారు అని. అలాంటప్పుడు ఫలానా మనిషి అక్కడ ఒకటి, ఇక్కడ ఒకటి చెప్పాడని ఎక్కడా రాయకండి. ఆ 18 మందిలో కొందరిని మళ్లీ కలవగలిగితే, కమిటీ ఒప్పుకున్నాక, అవే నాలుగు ప్రశ్నలు మళ్లీ అడిగి "ఈ ప్రశ్న వింటే మీకేం అర్థమైంది?" అని ఒక్కటి కలపండి. ఐదుగురిని అడిగినా చాలు, "అజాగ్రత్త" అన్న మాట ఎలా వినిపిస్తోందో వాళ్లే చెబుతారు.